తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో జవాబు చెప్పడానికి ఆరు వారాల సాధన: అంచెలంచెలుగా

పదో తరగతి, ఇంటర్మీడియట్ వరకు తెలుగులో చదివి, డిగ్రీ పాఠ్యపుస్తకాలను ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోగలిగి, పరీక్ష రాయగలిగి, నోటితో మాత్రం రెండు వాక్యాలు వరుసగా చెప్పలేకపోతున్న అభ్యర్థుల కోసం ఈ మార్గదర్శి. అక్షరాలు, ప్రాథమిక వ్యాకరణం తెలియని దశలో ఉన్నవారికి ఇది సరిపోదు.

ఉదాహరణగా ఒకే ఒక అభ్యర్థిని తీసుకుందాం. టెక్కలి దగ్గరి పల్లెలో తెలుగు మాధ్యమంలో చదివి, బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసి, పైడిభీమవరంలోనో పరవాడలోనో ఉన్న ఒక ఔషధ కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ ట్రైనీ ఉద్యోగానికి వెళుతున్న యువకుడు అనుకుందాం. మీది డిప్లొమా అయినా, బీకాం అయినా కెమిస్ట్రీ ఉన్నచోట మీ సబ్జెక్టును పెట్టుకుని ఇవే మెట్లు ఎక్కవచ్చు.

## 1. ముందుగా: ఎక్కడ ఆగిపోతున్నారో కనిపెట్టండి

ఫోనులో రికార్డర్ తెరిచి, సిద్ధపడకుండా, మూడు ప్రశ్నలకు ఒక్కో నిమిషం చొప్పున ఇంగ్లీషులో జవాబు చెప్పండి. మీ గురించి చెప్పండి అన్నది మొదటిది. మీరు చేసిన ఒక ప్రాక్టికల్‌ను వివరించండి అన్నది రెండోది. ఈ ఉద్యోగం ఎందుకు అన్నది మూడోది. ఆ రికార్డింగును చెరిపేయకుండా దాచుకోండి.

మర్నాడు దాన్ని విని, మాట ఆగిన ప్రతిచోటా ఎందుకు ఆగిందో పక్కన రాయండి. కారణాలు సాధారణంగా మూడే ఉంటాయి.

- చెప్పవలసిన పదం తట్టలేదు.
- పదాలన్నీ తెలుసు, వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.
- అసలు ఏం చెప్పాలో విషయమే లేదు.

ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. చాలామంది తమకు పదాలు రావని అనుకుని రోజుకు పది కొత్త పదాలు బట్టీ పడతారు. రికార్డింగు విన్నప్పుడు ఎక్కువసార్లు బయటపడేది రెండో కారణం, ఆ తర్వాత మూడోది. మీ విషయంలో ఏది ఎక్కువగా ఉందో తేల్చుకున్నాకే తర్వాతి మెట్టుకు రండి. పదాలే అసలు లోపమైతే, పదకోశం జోలికి పోకుండా మీ ప్రాక్టికల్ రికార్డులో ఉన్న పదాలనే పైకి చదవడంతో మొదలుపెట్టండి.

## 2. విషయాన్ని తెలుగులోనే సిద్ధం చేసుకుని, క్రియ దగ్గర కోయండి

ఆలోచనను తెలుగులో మొదలుపెట్టకూడదని శిక్షణ కేంద్రాలలో చెబుతుంటారు. ఆరంభ దశలో ఈ సలహా పనిచేయదు. విషయం ఏ భాషలో స్పష్టంగా ఉందో ఆ భాషలోనే పోగుచేసుకోవాలి. చిక్కంతా తెలుగు వాక్యం అల్లికను అలాగే ఇంగ్లీషులోకి మోసుకుపోవడంలో ఉంది.

మన వాక్యం ఎలా నడుస్తుందో చూడండి: "బ్యూరెట్‌ను నీటితో కడిగి, తర్వాత ఆమ్లంతో కడిగి, ఆమ్లం నింపి, గాలిబుడగలు లేకుండా చూసుకుని, రీడింగ్ రాసుకుంటాం." ఎవరు చేశారన్నది చివరి క్రియలో తేలుతుంది, అప్పటివరకు 'కడిగి', 'నింపి', 'చూసుకుని' అంటూ గొలుసు సాగుతూనే ఉంటుంది. ఇంగ్లీషులో ఎవరు, ఏం చేశారు అన్న రెండూ మొదటే రావాలి. గొలుసును గొలుసుగానే మార్చబోయే అభ్యర్థి 'ఆఫ్టర్ వాషింగ్ ద బ్యూరెట్ విత్ వాటర్ ఆఫ్టర్ దట్ యాసిడ్...' అని మధ్యలో చిక్కుకుని నిలబడిపోతాడు.

అందువల్ల ప్రతి క్రియ దగ్గర కోసి, ఒక్కో ముక్కను ఒక పూర్తి వాక్యంగా చేయండి.

- ఫస్ట్, ఐ వాష్ ద బ్యూరెట్ విత్ వాటర్.
- దెన్ ఐ రిన్స్ ఇట్ విత్ ద యాసిడ్.
- ఆఫ్టర్ దట్, ఐ ఫిల్ ఇట్ విత్ ద యాసిడ్.
- ఐ చెక్ ఫర్ ఎయిర్ బబుల్స్.
- ఫైనల్లీ, ఐ నోట్ ద ఇనిషియల్ రీడింగ్.

ఇవి చిన్నపిల్లల వాక్యాల్లా ఉన్నాయని సిగ్గుపడనక్కర్లేదు. ప్రయోగశాలలో పని చేయించుకునేవారికి కావలసింది క్రమం తప్పని ఇలాంటి వివరణే. వాక్యాలను కలపడం నాలుగో వారం తర్వాత దానంతట అదే కొంత వస్తుంది.

ఈ పద్ధతిలో మొదటి వారం తయారు చేసుకోవలసిన విషయాలు ఇవి.

- మీ చదువు, ఊరు, ఉద్యోగం కోరుకోవడానికి కారణం.
- మీరు స్వయంగా చేసిన నాలుగు ప్రాక్టికల్స్.
- మీరు చేత్తో వాడిన పరికరాలు, ఒక్కోదానికి మూడు వాక్యాలు.
- ప్రాక్టికల్‌లో తేడా వచ్చి మీరు సరిచేసిన ఒక సందర్భం.

పుస్తకంలో పూర్తి వాక్యాలు రాసుకోకండి, క్రియలను మాత్రమే వరుసగా రాసుకోండి: వాష్, రిన్స్, ఫిల్, చెక్, నోట్. పూర్తి వాక్యాలు రాస్తే కళ్లు వాటిని వెతుక్కుంటాయి, బట్టీ మొదలవుతుంది. బట్టీ పట్టిన జవాబు మధ్యలో ప్రశ్న అడ్డువస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పవలసివస్తుంది, ఆ సంగతి ఎదుటివారికి వెంటనే తెలిసిపోతుంది.

## 3. రోజూ 45 నిమిషాలు: ఏ పని తర్వాత ఏ పని

మొదటి 10 నిమిషాలు, విని వెంట పలకడం. మీ సబ్జెక్టు మీద భారతీయ అధ్యాపకుడు చెప్పిన ఇంగ్లీషు పాఠం నుంచి రెండు నిమిషాల భాగం ఎంచుకోండి. ఐఐటీల వంటి సంస్థల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మీ స్థాయికి తగినది చూసుకోండి. ముందు ఒకసారి ఊరికే వినండి, రెండోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆపి పలకండి, మూడోసారి ఆపకుండా వెంటే పలకండి. అదే భాగాన్ని మూడు రోజులు చేయాలి. రోజుకొక కొత్త వీడియో పెట్టుకుంటే వినడమే జరుగుతుంది, నోరు తిరగదు. విదేశీ సినిమాలతో మొదలుపెట్టవద్దని నా అభిప్రాయం. ఇంటర్వ్యూలో మీ ముందు కూర్చునేవారు అలా మాట్లాడరు.

తర్వాతి 15 నిమిషాలు, పనిని వరుసగా చెప్పడం. ఒక ప్రాక్టికల్ తీసుకుని, క్రియల జాబితా చూస్తూ ఒకసారి, చూడకుండా ఒకసారి, నిలబడి ఎవరికో చెబుతున్నట్టు ఒకసారి చెప్పండి. మూడోసారి రికార్డు చేయండి.

ఇంకో 10 నిమిషాలు, ప్రశ్న–జవాబు. ఆ ప్రాక్టికల్ మీద 'ఎందుకు' అని మొదలయ్యే మూడు ప్రశ్నలు వేసుకోండి. ప్రతి జవాబులోనూ ముందు జవాబు, తర్వాత 'బికాజ్' పెట్టి కారణం. తెలుగులో మనం కారణం ముందు చెప్పి జవాబును చివరకు ఉంచుతాం, ఇంగ్లీషులో అలా చెబితే వినేవారు జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు.

చివరి 10 నిమిషాలు, రికార్డింగు వినడం. రోజుకు ఒకే ఒక తప్పును ఎంచుకుని, ఆ వాక్యాన్ని సరిగా ఐదుసార్లు పైకి పలకండి. అన్ని తప్పులూ ఒకేరోజు దిద్దుకోబోతే మర్నాడు మాట్లాడడానికే జంకు పుడుతుంది.

### పూర్తిగా చేసి చూపిన ఒక ఉదాహరణ

సోడియం హైడ్రాక్సైడ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేషన్ చేయడాన్ని తీసుకుందాం. బ్యూరెట్ సంగతి పైన చూశాం. తర్వాతి క్రియలు: టేక్, యాడ్, రన్, స్టాప్, రిపీట్, క్యాలిక్యులేట్.

"ఐ టేక్ టెన్ ఎమ్ఎల్ ఆఫ్ సోడియం హైడ్రాక్సైడ్ ఇన్ ఎ కోనికల్ ఫ్లాస్క్, యూజింగ్ ఎ పిపెట్. ఐ యాడ్ టూ డ్రాప్స్ ఆఫ్ ఫినాల్ఫ్తలీన్. ద సొల్యూషన్ టర్న్స్ పింక్. ఐ రన్ ద యాసిడ్ ఫ్రమ్ ద బ్యూరెట్ స్లోలీ అండ్ షేక్ ద ఫ్లాస్క్. వెన్ ద పింక్ కలర్ డిసప్పియర్స్, ఐ స్టాప్. దట్ ఈజ్ ది ఎండ్ పాయింట్. ఐ రిపీట్ ఇట్ అంటిల్ ఐ గెట్ ద సేమ్ రీడింగ్. దెన్ ఐ క్యాలిక్యులేట్ ద నార్మాలిటీ."

దీనిమీద రాగల ప్రశ్న: బ్యూరెట్‌ను అందులో నింపే ద్రావణంతో కడుగుతారు, కోనికల్ ఫ్లాస్క్‌ను మాత్రం నీటితోనే ఎందుకు కడుగుతారు? జవాబు ఇలా కట్టవచ్చు: "వియ్ డోంట్ రిన్స్ ద ఫ్లాస్క్ విత్ ద సొల్యూషన్, బికాజ్ సమ్ ఎక్స్‌ట్రా సొల్యూషన్ విల్ రిమెయిన్ ఇన్ ఇట్. దెన్ ద వాల్యూమ్ విల్ బి మోర్ దాన్ టెన్ ఎమ్ఎల్." రెండు వాక్యాలు చాలు. విషయం తెలిసినవాడి ఇంగ్లీషు ఇక్కడ ఎంత సాదాగా ఉన్నా మార్కులు పోవు.

అంకెలు కూడా నోటికి అలవాటు చేసుకోండి. 12.45 అన్న రీడింగును 'ట్వెల్వ్ పాయింట్ ఫోర్ ఫైవ్' అనాలి, 'పాయింట్ ఫార్టీ ఫైవ్' అనకూడదు. 0.1 ఉంటే 'జీరో పాయింట్ వన్'. ఇవి నోటికి రాక తడబడేవారు చాలామంది.

## 4. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్': పాత మూసను విప్పి మళ్లీ కట్టడం

చాలామంది చెప్పే జవాబు ఇది: "మైసెల్ఫ్ ఫలానా. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్. మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్. మై హాబీ ఈజ్ లిజనింగ్ మ్యూజిక్." ఇందులోని వ్యాకరణ దోషాలను పక్కన పెట్టినా, ఎదుటివారు తర్వాత ఏ ప్రశ్న వేయాలో దీనిలో ఆధారం లేదు. ఆధారం లేకపోతే వారు తమకు తోచిన ప్రశ్న వేస్తారు, అది మీరు సిద్ధం చేసుకోనిది కావచ్చు.

దాన్ని ఇలా కట్టుకోండి: "మై నేమ్ ఈజ్ ఫలానా. ఐ యామ్ ఫ్రమ్ ఎ విలేజ్ నియర్ టెక్కలి. ఐ స్టడీడ్ ఇన్ తెలుగు మీడియం అప్ టు ఇంటర్మీడియట్. ఐ కంప్లీటెడ్ బీఎస్సీ కెమిస్ట్రీ ఇన్ 2024. ఐ కెన్ ప్రిపేర్ స్టాండర్డ్ సొల్యూషన్స్ అండ్ డూ యాసిడ్–బేస్ టైట్రేషన్స్. ఐ హ్యావ్ నాట్ వర్క్డ్ ఆన్ హెచ్‌పీఎల్‌సీ, బట్ ఐ నో ద బేసిక్ ప్రిన్సిపుల్. ఐ వాంట్ టు స్టార్ట్ ఇన్ క్వాలిటీ కంట్రోల్."

తెలుగు మాధ్యమం సంగతిని మూడో వాక్యంలో మామూలు విషయంలా చెప్పేయండి, క్షమాపణ కోరుతున్నట్టు చెప్పకండి. 'మై ఇంగ్లీష్ ఈజ్ నాట్ గుడ్' అన్న మాట మాత్రం ఎప్పుడూ నోట రానివ్వవద్దు.

ఇక అసలు పని: ఈ జవాబులోని ప్రతి వాక్యం మీద రాగల రెండు ప్రశ్నలు రాసుకుని వాటికి జవాబులు సాధన చేయాలి. స్టాండర్డ్ సొల్యూషన్ అంటే ఏమిటి, ఎలా చేస్తారు? మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతి సూత్రం ఏమిటి? జవాబు చెప్పలేని వాక్యం ఏదైనా ఉంటే దాన్ని పరిచయంలోంచే తీసేయండి.

## 5. తెలుగువారి నోట తరచుగా దొర్లే తప్పులు, వాటిని సరిచేసే తీరు

వ్యాకరణంలో అన్నిటినీ పట్టుకోనక్కర్లేదు. ఇంటర్వ్యూలో చెవికి వెంటనే తగిలేవి ఇవి.

- గడిచిన సంవత్సరం చెప్పేటప్పుడు 'హ్యావ్' వద్దు. 'ఐ హ్యావ్ కంప్లీటెడ్ ఇన్ 2024' తప్పు, 'ఐ కంప్లీటెడ్ ఇన్ 2024' సరి.
- 'సిన్స్ టూ ఇయర్స్' వద్దు. ఎంతకాలమో చెబితే 'ఫర్ టూ ఇయర్స్', ఎప్పటినుంచో చెబితే 'సిన్స్ 2023'. వాక్యం 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్' అని మొదలవ్వాలి.
- 'డిడ్' వచ్చాక క్రియ మారదు. 'ఐ డిడ్ నాట్ వెంట్' కాదు, 'ఐ డిడ్ నాట్ గో'.
- 'డిస్కస్ అబౌట్' కాదు, 'డిస్కస్'. 'లిజనింగ్ మ్యూజిక్' కాదు, 'లిజనింగ్ టు మ్యూజిక్'.

ఇంకొకటి ఉంది. అది వ్యాకరణ పుస్తకాలలో పెద్దగా కనిపించదు గాని ఇంటర్వ్యూలో అపార్థం తెచ్చిపెడుతుంది. "యూ హ్యావ్ నాట్ వర్క్డ్ ఆన్ హెచ్‌పీఎల్‌సీ?" అని అడిగితే, మనం తెలుగు అలవాటుతో 'అవునండీ, చేయలేదు' అన్న అర్థంలో 'యెస్ సర్' అంటాం. ఇంగ్లీషులో ఆ 'యెస్'కు పని చేశానన్న అర్థం వస్తుంది. చేయనిదానికి ఎప్పుడూ 'నో సర్, ఐ హ్యావ్ నాట్' అనాలి. ఒక్క 'యెస్'తో ఆపకుండా వాక్యం పూర్తి చేయడం అలవాటైతే ఈ చిక్కు రాదు.

### ఉచ్చారణ: మూడు పనులే చేయండి

విదేశీ యాస అవసరం లేదు. మాట విడివిడిగా, స్పష్టంగా వినబడాలి.

పదం చివర అచ్చు చేర్చకండి. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక 'ఫ్లాస్కు', 'ల్యాబు', 'టెస్టు' అనేస్తాం. సరిచేయడానికి, తర్వాతి పదం అచ్చుతో మొదలయ్యే జతలను కలిపి పలకండి: 'ఫ్లాస్క్ ఈజ్', 'ల్యాబ్ ఇన్', 'టెస్ట్ ఆన్'. హల్లు తర్వాతి అచ్చుకు అతుక్కుంటుంది కనుక మధ్యలో 'ఉ' రాదు. వారం తర్వాత హల్లుతో మొదలయ్యే పదాలతో సాధన చేయండి.

మొదట 'య', 'వ' చేర్చకండి. 'యెండ్ పాయింట్', 'యెర్రర్', 'వోన్లీ' అనడం మనకు సహజం. శబ్దం మొదలుకాక ముందే నోరు తెరిచి ఉంచి 'ఎండ్', 'ఎర్రర్', 'ఓన్లీ' అని పలికి రికార్డు వినండి.

ఊనికను సరైన చోట పెట్టండి. తెలుగులో అన్ని అక్షరాలనూ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒకచోట బరువు పడాలి. 'షన్'తో ముగిసే పదాలలో దాని ముందున్న అక్షరం మీద ఊనిక పడుతుంది: టైట్రేషన్‌లో 'ట్రే', సొల్యూషన్‌లో 'ల్యూ', కాన్‌సెంట్రేషన్‌లో 'ట్రే'. 'ఇటీ'తో ముగిసేవాటిలో 'ఇటీ'కి ముందున్న భాగం మీద: నార్మాలిటీలో 'మా', మొలారిటీలో 'లా', ఇంప్యూరిటీలో 'ప్యూ'. 'ఇక్'తో ముగిసే చాలా పదాలలోనూ ముందరి భాగం మీదే: ఆర్గానిక్‌లో 'గా', వాల్యూమెట్రిక్‌లో 'మె'. మీ సబ్జెక్టు పదాలలో చాలావరకు ఈ మూడు తోకల్లోనే ముగుస్తాయి. ఇరవై పదాలు రాసి, ఊనిక పడేచోట గీత గీసుకుని రోజూ చదవండి.

## 6. ప్రశ్న అర్థం కానప్పుడు, జవాబు తెలియనప్పుడు

మౌనం కన్నా చిన్న వాక్యం మేలు. ఈ నాలుగింటినీ నిద్రలో లేపినా చెప్పగలిగేలా చేసుకోండి.

- వినబడనప్పుడు: "సారీ సర్, కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్?"
- సగమే అర్థమైనప్పుడు: "సర్, ఆర్ యూ ఆస్కింగ్ అబౌట్ ది ఇండికేటర్?"
- ఆలోచించుకోవడానికి: "లెట్ మీ థింక్ ఫర్ ఎ మొమెంట్, సర్."
- తెలియనప్పుడు: "ఐ డోంట్ నో దిస్, సర్."

రెండోది అన్నిటికన్నా ఉపయోగకరం. ఏ భాగం అర్థమైందో చెప్పి అడిగితే, మీరు విన్నారని వారికి తెలుస్తుంది.

ఎదుట ఉన్నవారు తెలుగువారే అయితే ఒక సాంకేతిక విషయాన్ని తెలుగులో చెప్పడానికి అనుమతి అడగవచ్చు: "మే ఐ ఎక్స్‌ప్లెయిన్ దిస్ పార్ట్ ఇన్ తెలుగు, సర్?" దీన్ని ఒక్కసారే వాడండి, అదీ విషయం బాగా తెలిసి మాట మాత్రం అందని చోటనే. వెంటనే తర్వాతి జవాబును ఇంగ్లీషులో మొదలుపెట్టాలి. వారే తెలుగులోకి దిగినా, మళ్లీ ఇంగ్లీషులో అడిగినప్పుడు ఇంగ్లీషులోనే జవాబివ్వండి.

## 7. వారాలవారీ క్రమం

మొదటి వారం విషయ సేకరణ, క్రియల జాబితాలు. రెండు, మూడు వారాలు ప్రాక్టికల్ వివరణలు. నాలుగో వారం పరిచయం, దానిమీద రాగల ప్రశ్నలు. ఐదు, ఆరు వారాలలో ప్రశ్న–జవాబు సమయాన్ని మరో మనిషితో గడపాలి.

ఆ మనిషికి ఇంగ్లీషు మీకన్నా బాగా రానవసరం లేదు. మీలాగే సిద్ధమవుతున్న స్నేహితుడికి ప్రశ్నల కాగితం ఇచ్చి, వరుస మార్చి అడగమనండి, ఒక జవాబు మధ్యలో కావాలనే అడ్డుకోమనండి. మీరు మాట్లాడుతున్నంతసేపు తప్పులు దిద్దవద్దని ముందే చెప్పండి. దిద్దుబాట్లు రికార్డింగు విన్నాకే. వారానికి ఒకటి రెండుసార్లు ఫోనులో చేయండి, ఎందుకంటే మొదటి వడపోత చాలాచోట్ల ఫోనులోనే జరుగుతుంది, అక్కడ ముఖం చూసి అర్థం ఊహించే వీలు ఉండదు.

మూడో వారం చివర మాట ముందుకు సాగనట్టు అనిపించడం మామూలే. అప్పుడు మొదటి రోజు రికార్డింగును, తాజాదాన్ని పక్కపక్కన వినండి. ఆగిన చోట్లు తగ్గి ఉంటే దారి సరైనదే. తగ్గకపోతే పుస్తకం తెరిచి చూడండి, క్రియల బదులు పూర్తి వాక్యాలు రాసుకున్నారేమో.

చివరి రెండు రోజులకు సరిచూసుకోవలసినవి:

- పరిచయాన్ని రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కొద్దిగా మాటలు మార్చి చెప్పారా?
- నాలుగు ప్రాక్టికల్స్‌ను జాబితా చూడకుండా చెప్పగలుగుతున్నారా?
- ఆరో అంచెలోని నాలుగు వాక్యాలు తడుముకోకుండా వస్తున్నాయా?
- కొత్త పదాలు, కొత్త జవాబులు నేర్చుకోవడం ఆపేశారా?
- ఇంటర్వ్యూ రోజు పొద్దున పది నిమిషాలు పైకి మాట్లాడడానికి చోటు చూసుకున్నారా?

ఇంటర్వ్యూ నుంచి బయటికి రాగానే, బస్సు ఎక్కేలోపే, అడిగిన ప్రశ్నలన్నీ ఫోనులో రాసుకోండి. ఎక్కడ ఆగారో ఆ ప్రశ్న పక్కన గుర్తు పెట్టండి. మర్నాటి 45 నిమిషాలు ఆ గుర్తులున్న ప్రశ్నలతోనే మొదలవ్వాలి.